ఓట్స్, కార్న్ ఫ్లేక్స్, మ్యూస్లీ లేబుల్ చదవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్యాకెట్ చేతిలోకి తీసుకున్నాక మొదట ఏం చూడాలి?

ముందువైపు ఏం రాసుందో వదిలేసి వెనక్కి తిప్పండి. మీకు కావాల్సినవి రెండే: పోషకాల పట్టిక, పదార్థాల జాబితా. పట్టికలో ఒక్కో సర్వింగ్‌కి ఇచ్చిన అంకెలు కాకుండా 100 గ్రాములకు ఇచ్చిన వరుస చూడండి. మన దేశంలో ప్యాక్ చేసిన ఆహారం మీద టోటల్ షుగర్స్, యాడెడ్ షుగర్స్ అనే రెండు లైన్లు వేరువేరుగా ఉండాలని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 లేబులింగ్ నిబంధనలు చెబుతున్నాయి. ఆ రెండు అంకెలు చదివి, తర్వాత పదార్థాల జాబితాలో మొదటి నాలుగైదు పేర్లు చదివితే నిర్ణయానికి కావాల్సిన సమాచారం దాదాపు అంతా వచ్చేసినట్టే. రెండు ప్యాకెట్లను పోల్చేటప్పుడు కూడా ఎప్పుడూ 100 గ్రాముల వరుసతోనే పోల్చాలి. ఎందుకంటే ఒకరు సర్వింగ్ అంటే 30 గ్రాములంటారు, ఇంకొకరు 40 అంటారు, మరొకరు 50 అంటారు.

ఎంత ఉంటే చక్కెర తక్కువ అనుకోవాలి?

గట్టి ఆహారంలో 100 గ్రాములకు 5 గ్రాముల కంటే చక్కెర మించకపోతేనే "లో షుగర్" అని రాసుకోవడానికి మన నిబంధనలు ఒప్పుకుంటాయి. "షుగర్ ఫ్రీ" అనాలంటే అర గ్రాము దాటకూడదు. బ్రిటన్‌లో ప్యాకెట్ ముందు వేసే రంగుల గుర్తులకూ ఇలాంటి కొలతే ఉంది: 5 గ్రాముల వరకు పచ్చ, 22.5 దాటితే ఎరుపు. ఈ రెండు అంకెలు గుర్తుంచుకుంటే చాలు. 5 లోపు అయితే నిజంగా తక్కువ. 22.5 దాటితే అది టిఫిన్ కాదు, మిఠాయి. మధ్యలో ఉన్నవాటికి యాడెడ్ షుగర్స్ లైన్ చూసి నిర్ణయించుకోవాలి.

మామూలుగా ఏది ఎక్కడ ఉంటుందంటే, ఏమీ కలపని ఓట్స్‌లో 100 గ్రాములకు ఒక గ్రాము అటూ ఇటూ ఉంటుంది. సాదా కార్న్ ఫ్లేక్స్‌లో తరచుగా 8 నుంచి 10 వరకు కనిపిస్తుంది. పిల్లల కోసం అమ్మే చాక్లెట్ రకాలు, తేనె పూసిన ఫ్లేక్స్ తరచుగా ఎరుపు గీత దగ్గరో, దాని పైనో ఉంటాయి. మ్యూస్లీ విషయంలో మాత్రం ముందే ఏమీ చెప్పలేం. పేరు ఒకటే అయినా ఒకదానికీ మరొకదానికీ పొంతన ఉండదు.

టోటల్ షుగర్స్‌కీ యాడెడ్ షుగర్స్‌కీ తేడా ఏమిటి? ఏది చూడాలి?

టోటల్ అంటే ఎండుద్రాక్ష, పాలపొడి, ధాన్యం వీటన్నిటిలో సహజంగా ఉన్న చక్కెరతో పాటు కంపెనీ కలిపింది కూడా కలిపిన మొత్తం. యాడెడ్ అంటే కంపెనీ విడిగా కలిపింది. ఎండుద్రాక్షలో బరువులో సగం కంటే ఎక్కువే చక్కెర ఉంటుంది. అందుకని చక్కెర ఒక్క చెంచా కూడా వేయని మ్యూస్లీలో కూడా టోటల్ 12, 15 అని కనిపించవచ్చు. అది మోసం కాదు.

అయితే ఎవరికి ఏ లైన్ ముఖ్యమన్నది వేరు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు యాడెడ్ లైన్‌ని పట్టించుకుంటే సరిపోతుంది. మధుమేహం ఉన్నవాళ్లు రెండూ చూడాలి, మొత్తం కార్బోహైడ్రేట్ కూడా చూడాలి. ఆ సంగతి కింద ఉంది.

ఒక లేబుల్ తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చదివి చూపించగలరా?

ఇది ఏ కంపెనీదీ కాదు. కాకపోతే బజారులో ఇలాంటివి ఎన్నో ఉంటాయి. ముందువైపు తేనెపట్టు, బాదం గింజల బొమ్మ, "హనీ ఆల్మండ్ మ్యూస్లీ, గుండెకు మేలు" అన్న మాటలు ఉన్నాయనుకోండి. వెనక 100 గ్రాములకు టోటల్ షుగర్స్ 22 గ్రాములు, యాడెడ్ షుగర్స్ 15 గ్రాములు అని ఉంది. సర్వింగ్ 40 గ్రాములు. పదార్థాలు ఈ వరుసలో ఉన్నాయి: ఓట్స్ 32 శాతం, గోధుమ ఫ్లేక్స్, చక్కెర, ఎండుద్రాక్ష 9 శాతం, బాదం 4 శాతం, లిక్విడ్ గ్లూకోజ్, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, తేనె 1 శాతం, ఉప్పు.

ముందు వరుస సంగతి. పదార్థాలను బరువులో ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది నియమం. చక్కెర పక్కన శాతం లేదు, కానీ అది 9 శాతం ఉన్న ఎండుద్రాక్షకు ముందుంది. అంటే చక్కెర ఒక్కటే కనీసం 9 శాతం. కంపెనీ చెప్పకపోయినా వరుసే చెప్పేసింది.

ఇప్పుడు బొమ్మలో ఉన్నవాటి సంగతి. ప్యాకెట్ మీద మాటతోనో బొమ్మతోనో ఏ పదార్థాన్ని గొప్పగా చూపిస్తే దాని శాతం రాయాలి కాబట్టి తేనె 1, బాదం 4 అని బయటపడింది. ఒక సర్వింగ్‌లో తేనె 0.4 గ్రాము, అంటే చెంచాకు అంటుకునేంత. బాదం 1.6 గ్రాములు. ఒక బాదం గింజ దాదాపు 1.2 గ్రాముల బరువుంటుంది. గిన్నెకు ఒకటిన్నర గింజ కూడా రాదు.

తర్వాత చక్కెర. టోటల్‌లోంచి యాడెడ్ తీసేస్తే 7 గ్రాములు మిగులుతుంది. 9 గ్రాముల ఎండుద్రాక్ష నుంచి అందులో 6 దాకా వస్తుంది, మిగతాది ధాన్యాల నుంచి. లెక్క కుదిరింది. ఒకవేళ పండ్లు ఏమీ లేని ఫ్లేక్స్‌లో టోటల్ 18, యాడెడ్ 6 అని రాసుంటే ఆ 12 ఎక్కడి నుంచి వచ్చాయో జాబితాలో వెతకండి. జవాబు దొరక్కపోతే ఆ లేబుల్‌ని నమ్మకండి.

చివరగా సర్వింగ్. 40 గ్రాములకు యాడెడ్ షుగర్స్ 6 గ్రాములు. పక్కన "ఆర్‌డీఏలో 12 శాతం" అని ఉంటుంది, అంటే రోజు మొత్తానికి లెక్కగట్టిన మోతాదులో నూటికి 12 వంతులు. చూడ్డానికి కొంచెమే అనిపిస్తుంది. మన నిబంధనల్లో ఈ శాతాన్ని రోజుకు 50 గ్రాముల యాడెడ్ షుగర్ లెక్కన వేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పై హద్దు అది. వీలైతే అందులో సగం, అంటే 25 గ్రాముల చుట్టుపక్కల ఉంచుకోమని కూడా ఆ సంస్థే అంటుంది. పైగా ఇంట్లో ఎవరూ 40 గ్రాములు తూచి పోసుకోరు. గిన్నె నిండా పోస్తే మ్యూస్లీ 70 గ్రాముల దాకా తేలిగ్గా వస్తుంది. అప్పుడు యాడెడ్ షుగర్ 10.5 గ్రాములు. చెంచాకు 4 గ్రాముల చొప్పున రెండున్నర చెంచాలు దాటింది, 25 గ్రాముల హద్దులో నూటికి 42 వంతులు పొద్దున్నే అయిపోయింది. అదీ పాలల్లో మీరు విడిగా చక్కెర వేసుకోకుండా.

మా గిన్నెలో ఎంత పడుతుందో ఎలా తెలుసుకోవాలి?

వంటింటి త్రాసు ఉంటే ఖాళీ గిన్నె పెట్టి సున్నా చేసి, రోజూ పోసుకున్నట్టే పోసి చూడండి. త్రాసు లేకపోతే కొత్త ప్యాకెట్ తెరిచిన రోజు నుంచి అది ఎన్ని గిన్నెలకు సరిపోయిందో లెక్కపెట్టండి. 500 గ్రాముల ప్యాకెట్ 8 గిన్నెలకు అయిపోతే గిన్నెకు 62 గ్రాములు అన్నమాట. ఫ్లేక్స్ తేలిక, మ్యూస్లీ బరువు. ఒకే గిన్నెతో రెండూ కొలిస్తే బరువు బాగా తేడా వస్తుంది. ఎక్కువమంది ఇక్కడే పొరబడతారు.

పాలతో కలిపి ఇచ్చిన అంకెలు నమ్మవచ్చా?

అంకెలు తప్పు కాకపోవచ్చు, కానీ పోలికకు పనికిరావు. పాలు కలిపితే మొత్తం బరువు పెరుగుతుంది కాబట్టి చక్కెర శాతం తగ్గినట్టు కనబడుతుంది. ప్రొటీన్, కాల్షియం అంకెలు కూడా పాల పుణ్యమాని పెరుగుతాయి. ఈ వాదన కోర్టు దాకా వెళ్లింది. ఇంగ్లండ్‌లో చక్కెర ఎక్కువున్న తిండిని దుకాణాల్లో కళ్లకు కొట్టొచ్చేలా పెట్టకూడదన్న నిబంధనల మీద కెలాగ్స్ సంస్థ హైకోర్టుకు వెళ్లింది. తమ సీరియల్‌ను జనం పాలతో తింటారు కాబట్టి పాలు కలిపే లెక్క వేయాలని వాదించింది. 2022 జూలైలో ఓడిపోయింది. పాలు పోసినంత మాత్రాన సీరియల్‌లో ఉన్న చక్కెర ఎక్కడికీ పోదు కదా. ప్యాకెట్ మీద "పాలతో" అన్న వరుస ఉంటే దాన్ని వదిలేసి పొడి సీరియల్ వరుసే చూడండి.

పదార్థాల జాబితాలో చక్కెర ఏ ఏ పేర్లతో దాక్కుంటుంది?

లిక్విడ్ గ్లూకోజ్, డెక్స్‌ట్రోజ్, ఫ్రక్టోజ్, ఇన్వర్ట్ సిరప్, కార్న్ సిరప్, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, గోల్డెన్ సిరప్, బ్రౌన్ షుగర్, తేనె, బెల్లం, ఖర్జూరం సిరప్, పండ్ల రసం కాన్సంట్రేట్. ఇవన్నీ ఒక కుటుంబమే. ఒకే ప్యాకెట్‌లో మూడు నాలుగు రకాలు వాడటానికి రుచి, కరకర లాంటి నిజమైన కారణాలూ ఉంటాయి. కానీ దానివల్ల ఇంకో లాభం కూడా ఉంది. 16 శాతం చక్కెర ఒక్కటే వేస్తే అది జాబితాలో రెండో స్థానంలో కనబడుతుంది. దాన్నే 6, 5, 5గా విడగొడితే మూడూ కిందికి జారిపోతాయి. అందుకే జాబితాను యాడెడ్ షుగర్స్ అంకెతో కలిపి చదవాలి. పట్టికలో పేరు మార్చుకునే వీలు లేదు.

ఒక పేరు మాత్రం పట్టికకు కూడా దొరకదు: మాల్టోడెక్స్‌ట్రిన్. ఇది పిండి పదార్థం కింద లెక్క, చక్కెర లైన్‌లో పడదు. ఒంట్లో మాత్రం త్వరగా గ్లూకోజ్‌గా మారిపోతుంది. జాబితాలో పైన కనిపిస్తే షుగర్ ఉన్నవాళ్లు ఆ ప్యాకెట్ పక్కన పెట్టడం మంచిది.

బెల్లంతోనో తేనెతోనో చేసినవి పరవాలేదా?

బెల్లంలో అధిక భాగం సుక్రోజే, పంచదారలో ఉన్నదే. కొంచెం ఖనిజాలు ఉంటాయి, కానీ ఒక గిన్నెలో పడే బెల్లంతో ఒంటికి అందేది లెక్కలోకి రాదు. తేనెలో దాదాపు ఐదింట నాలుగు వంతులు చక్కెర. "రిఫైన్డ్ షుగర్ లేదు" అన్న మాటకు అర్థం తెల్ల చక్కెర వేయలేదని మాత్రమే. తీపి వేయలేదని కాదు. ఇది నిజం చెబుతూనే తప్పుదోవ పట్టించే మాటల్లో మొదటి వరసలో ఉంటుంది.

మరి "నో యాడెడ్ షుగర్" అని ఉంటే?

ఇది దానికంటే గట్టి మాట. 2018 నాటి ప్రకటనలు, క్లెయిముల నిబంధనల ప్రకారం ఈ మాట రాయాలంటే ఏ రకం చక్కెరా కలపకూడదు. చక్కెర పట్టించిన పండ్ల ముక్కలు, జామ్, తీపి చాక్లెట్ లాంటివి వేయకూడదు. చక్కెర బదులు పండ్ల కాన్సంట్రేట్, ఎండుపండ్ల పేస్టు లాంటివీ వాడకూడదు. కాబట్టి ఈ మాట ఉండి కూడా జాబితాలో ఖర్జూరం సిరప్ కనబడితే గట్టిగా అనుమానించాలి. ఎండిన క్రాన్‌బెర్రీ, బొప్పాయి ముక్కలు కూడా చూసుకోండి. ఇవి చాలావరకు చక్కెర పాకంలో ఊరినవే. బ్రాకెట్లలో వాటి సొంత పదార్థాలు రాసి ఉంటాయి.

చక్కెర లేదు కానీ తియ్యగా ఉంది. ఎలా?

జాబితాలో స్వీట్‌నర్ అన్న మాట పక్కన నంబరు చూడండి. 955 అంటే సుక్రలోజ్, 960 అంటే స్టీవియా నుంచి తీసినది, 951 అంటే అస్పర్టేమ్, 965 అంటే మాల్టిటాల్. మాల్టిటాల్ లాంటివి ఎక్కువైతే కొందరికి కడుపు ఉబ్బరం, విరేచనాలు అవుతాయి. బరువు తగ్గడానికి ఇలాంటి స్వీట్‌నర్లను ఆశ్రయించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. ఆ సూచన అప్పటికే మధుమేహం ఉన్నవాళ్లకు వర్తించదు. పిల్లల విషయంలో మా అభిప్రాయం ఒకటే: తీపి అలవాటు తగ్గించాలనుకుని తీపిని వేరే పేరుతో కొనిపెట్టడం వృథా.

ఓట్స్ అన్నీ ఒకటేనా?

సాదా ఓట్స్‌లో పదార్థాల జాబితా ఒకే పదం ఉండాలి. రోల్డ్ ఓట్స్ అంటే ఆవిరి పట్టి రోలర్లతో అణచినవి. ఇన్‌స్టంట్ అంటే ఇంకా పలచగా, చిన్నగా చేసినవి. చక్కెర రెండిట్లోనూ అంతే, కానీ ఇన్‌స్టంట్‌వి త్వరగా ఉడుకుతాయి, త్వరగా అరుగుతాయి, రక్తంలో గ్లూకోజ్‌ని కూడా త్వరగా పెంచుతాయి. స్టీల్ కట్ ఓట్స్ గింజను ముక్కలు చేసినవి. ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది, నెమ్మదిగా అరుగుతాయి.

మసాలా ఓట్స్‌లో చక్కెర కాదు, ఉప్పు చూడాలి. 100 గ్రాములకు సోడియం 1000 మిల్లీగ్రాములు ఉందనుకుంటే 40 గ్రాముల సాచెట్‌లో 400. రోజుకు 2000 అన్న హద్దులో ఐదో వంతు అది. ఆపైన ఇంట్లో పప్పు, పచ్చడి, ఊరగాయ ఎలాగూ ఉంటాయి. సాదా ఓట్స్‌ని ఉల్లిపాయ, క్యారెట్, పచ్చిమిర్చితో ఉప్మాలా చేసుకుంటే ఉప్పు మీ చేతుల్లో ఉంటుంది. ఖర్చూ తగ్గుతుంది.

"గుండెకు మేలు", "కొలెస్ట్రాల్ తగ్గిస్తుంది" అని రాస్తారు. నిజమేనా?

దీని వెనక నిజమైన సైన్సు ఉంది, షరతూ ఉంది. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు కొలెస్ట్రాల్ తగ్గించడానికి తోడ్పడుతుంది. అమెరికా ఎఫ్‌డీఏ 1997లోనే ఈ క్లెయిముకు ఒప్పుకుంది. కాకపోతే రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ అందాలి. 100 గ్రాముల పొడి ఓట్స్‌లో అది దాదాపు 4 గ్రాములుంటుంది. అంటే రోజుకు 75 గ్రాముల ఓట్స్ తినాలి. 30 గ్రాముల సర్వింగ్‌తో వచ్చేది 1.2 గ్రాములే.

ఇప్పుడు పై మ్యూస్లీకి ఇదే లెక్క వేయండి. ఓట్స్ 32 శాతం కాబట్టి 40 గ్రాముల సర్వింగ్‌లో ఓట్స్ 13 గ్రాములు, బీటా గ్లూకాన్ అర గ్రాము. 3 గ్రాములు రావాలంటే ఆ మ్యూస్లీ రోజుకు 230 గ్రాములకు పైగా తినాలి, దాంతో యాడెడ్ షుగర్ 35 గ్రాములు లోపలికి వెళ్తుంది. ఓట్స్ గురించి నిజమైన మాటను ఓట్స్ కొంచెమే ఉన్న ప్యాకెట్ మీద అతికించడం ఇదే. ఓట్స్ బిస్కెట్లకీ ఇదే వర్తిస్తుంది.

నాకు షుగర్ ఉంది. యాడెడ్ షుగర్ సున్నా ఉన్న కార్న్ ఫ్లేక్స్ తినొచ్చా?

యాడెడ్ షుగర్ సున్నా అయినా కార్న్ ఫ్లేక్స్ అంటే పీచు తక్కువగా ఉన్న మొక్కజొన్న పిండి పదార్థమే. గ్లూకోజ్ వేగంగా పెంచే తిళ్లలో అది ముందుంటుంది. మీరు చూడాల్సింది పీచు లైన్ కూడా. 100 గ్రాములకు కనీసం 6 గ్రాములు ఉంటేనే "హై ఫైబర్" అనడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. సాదా ఓట్స్‌లో దాదాపు 10 ఉంటుంది. పీచు 3 కూడా లేకపోతే చక్కెర ఎంత తక్కువున్నా అది మీకు తగిన టిఫిన్ కాదు. ఏది తిన్నా రెండు గంటల తర్వాత గ్లూకోమీటర్‌తో చూసుకుంటే మీ ఒంటికి సరిపడేది తెలుస్తుంది. మందుల మోతాదు మాత్రం డాక్టర్‌ని అడగకుండా మార్చకండి.

రాగి, జొన్న, మల్టీగ్రెయిన్ అని రాసినవి?

శాతం చూడండి, అంతే. ముందు రాగి వెన్ను బొమ్మ, వెనక మొదటి పదార్థం బియ్యప్పిండి, రెండోది చక్కెర అయితే అది రాగి రంగు తిండి. మల్టీగ్రెయిన్ అంటే ఎన్నో ధాన్యాలు ఉన్నాయని. ఎంతెంత ఉన్నాయో, పొట్టు ఉందో లేదో ఆ మాట చెప్పదు.

పిల్లల చదువుకి, ఏకాగ్రతకి మంచిదని చెప్పే వాటి సంగతి?

ఇలాంటి ఒక ప్రకటన ఏమైందో చూడండి. అమెరికాలో ఫ్రాస్టెడ్ మినీ వీట్స్ తింటే పిల్లల ఏకాగ్రత దాదాపు 20 శాతం పెరుగుతుందని కెలాగ్ సంస్థ ప్రచారం చేసింది. ఆ ప్రచారాన్ని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తప్పుపట్టింది, 2009లో రాజీ ఒప్పందం జరిగింది. కమిషన్ చెప్పినదాని ప్రకారం, ఆ అధ్యయనంలో తిన్న పిల్లల్లో సగంమందిలోనే ఏదో ఒక మెరుగు కనిపించింది. 20 శాతం లేదా అంతకు మించి మెరుగైంది తొమ్మిది మందిలో ఒక్కరే. పైగా పోలిక మరో టిఫిన్‌తో కాదు, పొద్దున్న నీళ్లు మాత్రమే తాగిన పిల్లలతో. ఆ లెక్కన ఇడ్లీ పెట్టినా ఏకాగ్రత పెరిగేదేమో. ఆ మరుసటి ఏడాదే రైస్ క్రిస్పీస్ మీద రోగనిరోధక శక్తి గురించి రాసిన మాటల మీద కూడా కమిషన్ చర్య తీసుకుంది.

"ఐరన్, విటమిన్లు కలిపినది" అన్న మాట అబద్ధం కాకపోవచ్చు. కానీ విటమిన్లు కలిపినంత మాత్రాన చక్కెర తగ్గదు.

సూటిగా చెప్పండి, ఏ బ్రాండ్లు మోసం చేస్తాయి?

బ్రాండ్ పేరుతో తీర్పు చెప్పడం కుదరదు. ఒకే కంపెనీ ఒక అరలో సాదా ఓట్స్, పక్క అరలో మసాలా ఓట్సో చాక్లెట్ ఫ్లేక్సో అమ్ముతుంది. సఫోలా, కెలాగ్స్, క్వేకర్ పేర్లతో సాదా రకాలూ ఉన్నాయి, రుచులు కలిపిన రకాలూ ఉన్నాయి. పైగా పాళ్లు మారుతుంటాయి. కిందటేడు మంచిదన్న ప్యాకెట్ ఈ ఏడాది అలాగే ఉండాలని లేదు. కాబట్టి ప్యాకెట్‌ని బట్టే తేల్చుకోండి. ముందు గొప్పగా చూపించిన పదార్థం వెనక 5 శాతం లోపు ఉంటే, చక్కెర రకాలు మూడు కంటే ఎక్కువుంటే, సర్వింగ్ 30 గ్రాములని పెట్టి దాని అంకెనే పెద్ద అక్షరాల్లో ముందు వేస్తే, "లైట్", "ఫిట్" లాంటి మాటల పక్కన ఏ అంకే లేకపోతే ఆ ప్యాకెట్ మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తోందనే అనుకోండి.

మేం అమెరికాలో ఉంటాం. ఇక్కడి లేబుల్ వేరుగా ఉంది కదా?

అక్కడ 100 గ్రాముల వరుస తప్పనిసరి కాదు, సర్వింగ్ లెక్కే ఉంటుంది. దాని బరువు గ్రాముల్లో పక్కనే ఇస్తారు కాబట్టి మీరే మార్చుకోండి: చక్కెర గ్రాములను సర్వింగ్ గ్రాములతో భాగించి 100తో గుణించాలి. 39 గ్రాముల సర్వింగ్‌లో యాడెడ్ షుగర్స్ 12 అయితే 100కి దాదాపు 31. శాతం అక్కడ కూడా 50 గ్రాముల లెక్కే.

ప్యాకెట్ మీద తప్పు రాశారని తేలితే ఎక్కడ చెప్పాలి?

ముందు, వెనక, పక్కల ఫొటోలు తీయండి. బ్యాచ్ నంబరు, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబరు స్పష్టంగా కనబడాలి. ప్యాకెట్ పారేయకండి, బిల్లు ఉంచుకోండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు, లేదా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. "ఆరోగ్యానికి మంచిది కాదు" అని రాస్తే ఫిర్యాదు నిలబడదు. "ముందువైపు నో యాడెడ్ షుగర్ అని ఉంది, జాబితాలో ఆరో పదార్థం ఖర్జూరం సిరప్" అని రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి రాయండి. ఆన్‌లైన్‌లో కొన్నదైతే ఆ పేజీ స్క్రీన్‌షాట్ కూడా తీసిపెట్టుకోండి. అక్కడి ఫొటో ఒక్కోసారి పాత ప్యాకెట్‌ది అయి ఉంటుంది, ఇంటికొచ్చిన దాని మీద అంకెలు వేరుగా ఉంటాయి.